పుట్టినరోజు ఫొటో కింద రెండు వాక్యాలు
(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ రోజు మాట్లాడుకునే విషయం చాలా చిన్నది. ప్రాణస్నేహితురాలి పుట్టినరోజు. ఫోనులో మంచి ఫొటో ఉంది. అది ఇన్‌స్టాగ్రామ్‌లోనో ఫేస్‌బుక్‌లోనో పెట్టాలి. కింద ఏదైనా రాయాలి. ఆ 'ఏదైనా' దగ్గరే అందరం ఆగిపోతాం. పదేళ్ళ స్నేహం ఉన్నా ఒక్క మాట తోచదు. చివరికి 'హ్యాపీ బర్త్‌డే' అని కొట్టి, పక్కన నాలుగు కేకు బొమ్మలు పెట్టేస్తాం. లేకపోతే ఎక్కడో కనిపించిన కవిత తెచ్చి అతికిస్తాం.

మాట తోచకపోవడం ప్రేమ తక్కువై కాదు. ఆ స్నేహం మొత్తాన్ని రెండు వాక్యాల్లో చెప్పాలనుకుంటాం, అందుకే తోచదు. పదేళ్ళు రెండు వాక్యాల్లో పట్టవు. ఒక్క అలవాటు పడుతుంది. ఆ మనిషి పదేపదే చేసే ఒక్క పని పడుతుంది. ఈ గంటలో మీకు చూపించాలనుకుంటున్నది అదే. ఆ ఒక్క పనిని ఎలా వెతకాలి, దాన్ని పద్దెనిమిది ఇరవై మాటల్లోకి ఎలా తేవాలి, తెచ్చేటప్పుడు ఎక్కడ చెడిపోతుంది.

ఒక ఉదాహరణ తీసుకుని, దాన్నే మొదటి నుంచి చివరిదాకా కలిసి రాద్దాం.

ఇద్దరమ్మాయిలు అనుకుందాం. విజయవాడలో నాలుగేళ్ళు బీటెక్, ఒకే హాస్టల్ గది. చదువయ్యాక ఒకరు హైదరాబాద్‌లో ఉద్యోగం, ఇంకొకరు విజయవాడలోనే. సెలవులకు వచ్చి తిరిగి వెళ్ళేటప్పుడు విజయవాడ అమ్మాయి బస్టాండు దాకా వస్తుంది. ముద్దుపేరు చిన్ని అనుకుందాం. ఫొటో ఏమిటంటే, పండిట్ నెహ్రూ బస్టాండులో ఆగి ఉన్న బస్సు, కిటికీ కింద నిలబడి చిన్ని పునుగుల పొట్లం పైకి అందిస్తోంది. ముఖం పైకెత్తి ఏదో చెబుతోంది, నోరు సగం తెరుచుకుని ఉంది. తీసింది బస్సు లోపలి అమ్మాయి. క్యాప్షన్ రాయాల్సింది కూడా ఆ అమ్మాయే.

చాలామంది మొదట రాసేది ఇలా ఉంటుంది:

"నా జీవితంలో దేవుడిచ్చిన గొప్ప బహుమతి, నా ప్రాణ స్నేహితురాలు, అందమైన మనసున్న అమ్మాయికి హృదయపూర్వక జన్మదిన శుభాకాంక్షలు. నువ్వు ఎప్పుడూ ఇలాగే నవ్వుతూ, నిండు నూరేళ్ళు సుఖసంతోషాలతో ఉండాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను."

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. రాసిన అమ్మాయి ప్రతి మాటా నిజంగానే అనుకుంది. అయినా చదివితే ఏమీ తగలదు. ఎందుకో తెలియాలంటే ఒక పరీక్ష ఉంది. ఫొటో మార్చి చూడండి. ఇదే క్యాప్షన్ పిన్నిగారి కూతురి ఫొటో కింద పెట్టండి. ఆఫీసులో పక్క సీటు అమ్మాయి ఫొటో కింద పెట్టండి. ఒక్క అక్షరం మార్చకుండా సరిపోతుంది కదా? అంటే ఇందులో చిన్ని లేదు. రాసిన ప్రతి క్యాప్షన్‌కీ ఈ పరీక్ష పెట్టండి. ఇంకొకరి ఫొటో కింద సరిపోతే అది ఇంకా పూర్తి కాలేదన్నమాట.

రెండో సంగతి, ఆ భాష. 'హృదయపూర్వక జన్మదిన శుభాకాంక్షలు' అనే మాట మనం ఎక్కడ చూస్తాం? నాలుగురోడ్ల కూడలిలో ఫ్లెక్సీ మీద. నాయకుడి నిలువెత్తు ఫొటో, కింద వరసగా అభిమానుల ముఖాలు, వాటి కింద ఈ మాట. అక్కడ అది సరైన మాటే. కానీ చిన్నిని ఆ అమ్మాయి ఎదురుగా చూసినప్పుడు 'నీకు హృదయపూర్వక జన్మదిన శుభాకాంక్షలు' అంటుందా? 'హ్యాపీ బర్త్‌డేనే చిన్నీ' అని వాటేసుకుంటుంది. కాబట్టి క్యాప్షన్ కూడా అలాగే ఉండాలి. 'కోరుకుంటున్నాను' కూడా అంతే. అది ఉత్తరం చివర సంతకం ముందు రాసే మాట. స్నేహితులు ఒకరికొకరు కోరుకోరు. 'నువ్వు బాగుండాలే' అంటారు. 'చల్లగా ఉండు' అంటారు. ఎదురుగా నోటితో ఎలా అంటారో ఒకసారి పైకి అనుకుని, అదే రాయండి.

తెలంగాణలో పెరిగిన స్నేహితులైతే ఆ మాటలో ఆ యాసే రావాలి. రోజూ 'వస్తవ్, పోతవ్' అని మాట్లాడుకునే ఇద్దరిలో ఒకరు పుట్టినరోజు నాడు హఠాత్తుగా 'వస్తావు, వెళ్తావు' అని రాస్తే, అవతలి మనిషికి ఎవరో కొత్తవాళ్ళు రాసినట్టుంటుంది. "ఎప్పుడు పిల్చినా 'వస్తున్న ఆగు' అంటవ్, నిజంగనే వస్తవ్. హ్యాపీ బర్త్‌డే రా." ఇంత చాలు. ఇందులో 'నిజంగనే' అన్న మాట మీదే బరువంతా ఉంది. దాన్ని పుస్తకాల భాషలోకి మారిస్తే ఆ బరువు పోతుంది.

సరే, చిన్ని దగ్గరికి వద్దాం. మొదటి చిత్తుప్రతి పక్కన పెట్టాం. ఇప్పుడు ఆ ఒక్క పనిని వెతకాలి. కూర్చుని ఆలోచిస్తే గుణాలే తోస్తాయి. 'మంచిది, అర్థం చేసుకుంటుంది, ఎప్పుడూ తోడుంటుంది.' గుణాల నుంచి ఎక్కడికీ పోలేం. కాబట్టి ఆలోచించకండి, వెతకండి. ఫోనులో వాట్సాప్ తెరవండి. ఆ మనిషితో ఉన్న చాట్‌లోకి వెళ్ళి, పైన మూడు చుక్కలు నొక్కితే వెతికే సదుపాయం వస్తుంది. ఐఫోనులో అయితే పేరు మీద నొక్కాలి. అక్కడ 'తిన్నావా' అని కొట్టి చూడండి. 'చేరావా' అని కొట్టండి. 'దిగావా', 'ఎక్కడ', 'పడుకో'. మీరిద్దరూ ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసుకుంటుంటే అలాగే కొట్టండి. ఒక్కో మాటకు ఎన్నిసార్లు దొరుకుతుందో, అది ఎవరి వైపు నుంచి వచ్చిందో చూడండి. మన స్నేహాల్లో ప్రేమ ఎక్కువగా ఇలాంటి ప్రశ్నల్లోనే దాక్కుని ఉంటుంది. నేరుగా చెప్పుకునేది తక్కువ, తిన్నావా అని అడిగేది ఎక్కువ. కాల్ లిస్టు కూడా చూడండి. రాత్రి పదకొండు తర్వాత వచ్చిన కాల్స్ ఎవరివో, ఏ రోజుల్లో వచ్చాయో.

మన ఉదాహరణలో ఆ అమ్మాయి ఇలా వెతికితే ఏం దొరుకుతుంది? ప్రయాణం ఉన్న ప్రతి రాత్రీ చిన్ని నుంచి వరసగా మెసేజీలు. సూర్యాపేట వచ్చిందా, ఆగారా, చౌటుప్పల్ దాటారా, ఆటో నంబరు పెట్టు. ఇల్లు చేరినట్టు చెప్పేదాకా ఆగవు. ఇదీ ఆ అలవాటు. ఇది చిన్ని చేసే పని. ఇంకెవరి ఫొటో కిందా సరిపోదు. పైగా ఫొటోలో ఉన్న బస్టాండుకూ దీనికీ నేరుగా సంబంధం ఉంది.

ఈ సంబంధం చాలా ముఖ్యం. ఫొటో ఒకటి చూపిస్తూ క్యాప్షన్ ఇంకోటి చెబితే చూసేవాళ్ళు రెండింటి మధ్య ఇరుక్కుంటారు. పెళ్ళిలో పట్టుచీర ఫొటో పెట్టి కింద పరీక్షల ముందురాత్రి గురించి రాస్తే రెండూ విడిపోతాయి. అందుకని అలవాటు ముందు దొరికితే దానికి తగిన ఫొటో వెతకండి. ఫొటో ముందే ఖాయమైతే అందులో కనిపించే దానికి దగ్గరగా ఉన్న అలవాటు ఎంచుకోండి. అయితే ఫొటోలో కనిపించేదాన్నే మళ్ళీ మాటల్లో చెప్పకండి. పొట్లం అందరికీ కనిపిస్తోంది. 'పునుగులు అందిస్తున్న చిన్ని' అని రాయడం దండగ. ఫొటోకి ముందూ వెనకా ఏం జరుగుతుందో, కెమెరాకు అందనిది ఏదో, అది రాయాలి.

ఇప్పుడు రెండో చిత్తుప్రతి:

"మనం కాలేజీలో నాలుగేళ్ళు కలిసి ఉన్నాం. నేను ఊరెళ్ళేటప్పుడు ప్రతిసారీ బస్టాండుకి వచ్చి, పునుగులు కొనిచ్చి, బస్సు బయలుదేరేదాకా ఉండి, నేను చేరేదాకా ఫోన్ చేస్తూనే ఉండేదానివి. ఆ రోజులు ఎప్పటికీ మర్చిపోలేను. హ్యాపీ బర్త్‌డే చిన్నీ."

ఇప్పుడు చిన్ని వచ్చింది. కానీ ఒక పెద్ద పొరపాటు దొర్లింది, చాలామంది దీన్ని గమనించరు. 'ఉండేదానివి' అన్నాం. 'ఆ రోజులు' అన్నాం. 'మర్చిపోలేను' అన్నాం. ఈ మూడూ కలిస్తే చదివేవాళ్ళకు ఏమనిపిస్తుంది? ఇద్దరూ విడిపోయారేమో అనిపిస్తుంది. ఇంకా దిగులుపడేవాళ్ళు ఫొటో చూసి 'అమ్మాయికి ఏమైంది?' అని ఫోన్ చేసినా ఆశ్చర్యం లేదు. పుట్టినరోజు నాడు జరిగిపోయిన కాలంలో మాట్లాడితే అది సంస్మరణలా వినిపిస్తుంది. చిన్ని ఇప్పటికీ ఆ పని చేస్తోంది. అప్పుడు ఇప్పటి మాటలోనే చెప్పాలి. తెలుగులో దీనికి చక్కటి సౌకర్యం ఉంది. 'చేస్తావు', 'వదలవు', 'పెట్టవు' అనే రూపాలు నిన్నటికీ ఇవాళ్టికీ రేపటికీ కలిపి పనిచేస్తాయి. 'ఫోన్ వదలవు' అంటే ఎప్పుడూ వదలవని, ఇక ముందు కూడా వదలవని. అలవాటు చెప్పడానికి ఇంతకన్నా చిన్న మాట దొరకదు.

ఇంకో ఇబ్బంది, ఆ వాక్యం పొడవు. వచ్చి, కొనిచ్చి, ఉండి, చేస్తూ అని నాలుగు పనులు ఒకే తాడుకి గుచ్చాం. చదివేవాళ్ళ మనసు ఏ పని మీదా నిలవదు. పునుగులు ఎలాగూ ఫొటోలో ఉన్నాయి, తీసేద్దాం. నాలుగేళ్ళ కాలేజీ లెక్క చిన్నికి తెలుసు, చూసేవాళ్ళకు అక్కర్లేదు, తీసేద్దాం. మిగిలినవి రెండు పనులు. బస్సు కదిలేదాకా కిటికీ దగ్గరే ఉండటం, చేరేదాకా ఫోన్ పెట్టకపోవడం. ఈ రెండింటినీ ఒకే మాటతో ముగించగలిగితే వాక్యానికి నడక వస్తుంది.

"బస్సు కదిలేదాకా కిటికీ వదలవు, నేను దిగేదాకా ఫోన్ వదలవు. హ్యాపీ బర్త్‌డే చిన్నీ! ఈసారి నువ్వు బస్సెక్కు, పొట్లం పట్టుకుని నేను నిలబడతా."

పద్దెనిమిది మాటలు. ఇందులో ఏం జరిగిందో నెమ్మదిగా చూద్దాం. మొదటి వాక్యం అలవాటు. రెండోది శుభాకాంక్ష, పిలుపుతో కలిపి. మూడోది ముందుకు చూసే మాట. 'ప్రేమ', 'ప్రాణం', 'బెస్ట్ ఫ్రెండ్' అనే మాటలు ఎక్కడా లేవు. అవి లేకుండానే ఇద్దరి మధ్య ఏముందో ఎవరికైనా తెలుస్తోంది. 'పొట్లం' అన్న మాట చదవగానే కళ్ళు మళ్ళీ ఫొటో మీదికి వెళ్తాయి. ఆ ఒక్క మాటే ఫొటోనీ రాతనీ కలిపి ఉంచుతోంది. పైగా ఈ క్యాప్షన్‌లో 'నేను' ఉన్నా, బరువంతా 'నువ్వు' మీదే ఉంది. ఇది కూడా చూసుకోవాల్సిన సంగతి. రాసిన తర్వాత 'నేను, నా, నాకు, నన్ను' ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టండి. మూడు దాటితే పుట్టినరోజు మీదైపోయినట్టే. 'నాకు కష్టం వచ్చినప్పుడు నా పక్కన నిలబడి నన్ను నవ్వించిన నా స్నేహితురాలు' అని రాస్తే అందులో స్నేహితురాలు ఒక్కసారి వచ్చింది, మీరు నాలుగుసార్లు వచ్చారు.

చివరి వాక్యం గురించి ఒక మాట. 'నువ్వు ఎప్పుడూ ఇలాగే నవ్వుతూ ఉండాలి' అనేది ఎందుకు పలచబడిందంటే, దాని ప్రకారం జరగాల్సింది ఏమీ లేదు. 'ఈసారి నువ్వు బస్సెక్కు' అంటే చిన్ని నిజంగా టిక్కెట్టు కొనాలి. కోరిక ఎంత చిన్నదైతే, ఎంత జరిగే వీలున్నదైతే, అంత వెచ్చగా ఉంటుంది. కానీ చిన్నదైనా తాకకూడనివి కొన్ని ఉన్నాయి. 'ఈ ఏడైనా పెళ్ళి కుదరాలి' అని వందమంది చూసేచోట రాయకండి. ఉద్యోగం రావాలని రాయకండి. సంతానం మాట అసలే వద్దు. ఇంట్లో రోజూ వింటున్న మాట అది. మీరు ప్రేమతోనే అన్నా, ఆ రోజు ఆ మనిషికి అది ఇంకొక గుచ్చుడే.

ఇప్పుడు మగపిల్లల స్నేహాల సంగతి. అక్కడ ఇంకొక చిక్కు ఉంది. మన దగ్గర మగ స్నేహితులు ప్రేమను తిట్టులో చెప్పుకుంటారు. ఆడపిల్లల్లోనూ ఉందిది, ఇక్కడ కొంచెం ఎక్కువ. ఎదురుగా ఉన్నప్పుడు తిట్టు బాగానే ఉంటుంది. భుజం మీద చెయ్యి ఉంటుంది, గొంతులో నవ్వు ఉంటుంది. రాతలో ఆ రెండూ ఉండవు. తిట్టు ఒక్కటే మిగులుతుంది. వాళ్ళమ్మగారు కళ్ళజోడు పెట్టుకుని చదివితే అది తిట్టే. కాబట్టి తిట్టుని అలాగే పెట్టకుండా, దాని జోడీని కూడా పెట్టాలి. ఫిర్యాదు ముందు, నమ్మకం తర్వాత:

"పెట్రోలు డబ్బులు అడిగితే వినపడదు. రాత్రి రెండింటికి స్టేషన్‌కి రమ్మంటే నాకన్నా ముందే వచ్చి ఉంటాడు. హ్యాపీ బర్త్‌డే మామా."

వరస మార్చి చూడండి. ముందు స్టేషన్, తర్వాత పెట్రోలు. 'రాత్రి రెండింటికి రమ్మన్నా వస్తాడు. పెట్రోలు డబ్బులు అడిగితే మాత్రం వినపడదు.' మాటలన్నీ అవే, కానీ ఇప్పుడిది లెక్క తేలని బాకీ గురించిన పోస్టు. చివర ఏది పెడితే అదే చదివేవాళ్ళ చేతిలో మిగులుతుంది. అందుకే ఫిర్యాదు ఎప్పుడూ ముందే రావాలి, అది కూడా చిన్నదై ఉండాలి. పెట్రోలు, ఆలస్యంగా రావడం, చార్జర్ తీసుకుని ఇవ్వకపోవడం, ఇవి సరే. ఒళ్ళు, రంగు, జుట్టు, మార్కులు, బ్యాక్‌లాగులు, జీతం, తాగుడు, ప్రేమ వ్యవహారం, ఇవి సరదాకి కూడా వద్దు. మీ ఇద్దరి మధ్య నవ్వు తెప్పించిన విషయమే వాళ్ళ మేనమామ ఫోనులో గొడవ అవుతుంది.

పైన 'ఉంటాడు' అన్నాం, 'ఉంటావు' అనలేదు, గమనించారా? చిన్ని క్యాప్షన్‌లో నేరుగా చిన్నితోనే మాట్లాడాం. ఇక్కడ అందరికీ వాడి గురించి చెప్పి, చివర 'మామా' అని వాడివైపు తిరిగాం. రెండు పద్ధతులూ బాగుంటాయి. సిగ్గరి స్నేహితుడికి రెండోది నయం. నేరుగా పొగిడితే ముడుచుకుపోయే మనిషి, తన గురించి ఇంకొకరికి చెబుతుంటే పక్కన నిలబడి వినగలడు. కానీ మధ్యలో కలపకండి. మొదటి వాక్యంలో 'నువ్వు', రెండో దాంట్లో 'తను', మూడో దాంట్లో మళ్ళీ 'నీ' అని రాస్తే ఎవరితో మాట్లాడుతున్నారో తెలియకుండా పోతుంది. తిరగడం ఒక్కసారే, అదీ పిలుపు దగ్గర.

పిలుపు గురించి కూడా జాగ్రత్త. రా, ఏమే, మామా, బావా, కాకా, ఇవి మీ ఇద్దరి మధ్య రోజూ నడిచేవైతే అవే రాయండి. కానీ ఆ మనిషి ఇప్పుడు ఎక్కడ ఉన్నారో ఒకసారి చూసుకోండి. కొత్తగా పెళ్ళయిన అమ్మాయి అనుకోండి, అత్తగారి వైపువాళ్ళు ఇరవైమంది అదే ఖాతాలో ఉన్నారు. లేదా స్నేహితుడు స్కూల్లో టీచరు, పిల్లలు ఫాలో అవుతున్నారు. అప్పుడు ముద్దుపేరు ఒక్కటి చాలు. 'రా' పర్సనల్ మెసేజ్‌లో పెట్టుకోవచ్చు. స్నేహం తగ్గదు.

ఇక టైపింగ్ విషయం, త్వరగా చెబుతాను. ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్‌లో 2200 క్యారెక్టర్ల దాకా పడతాయి. అది చూసి మోసపోకండి. ఫీడులో మొదట ఒకటి రెండు వరసలే కనిపిస్తాయి, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. తెలుగులో గుణింతం, పొల్లు, ఒత్తు అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. 'పుట్టినరోజు' మనకు అయిదు అక్షరాలు, యంత్రానికి పదకొండు. కాబట్టి అలవాటు చెప్పే వాక్యం మొట్టమొదట ఉండాలి. మొదటి వరసలో కేకులూ బెలూన్లూ పెట్టి, అసలు మాట నాలుగో వరసలో పెడితే చాలామందికి అది చేరదు. ఎమోజీలు ఒకటో రెండో, అవి కూడా చివర.

'బర్త్‌డే' అని కొట్టినప్పుడు కొన్ని కీబోర్డుల్లో 'డ' వెళ్ళి 'త' కింద ఒత్తుగా కూర్చుంటుంది, చదవడానికి వింతగా ఉంటుంది. తెలుగు కీబోర్డులో ఆ రెండింటినీ విడదీసే మీట ఉంటే అది మధ్యలో నొక్కాలి. కనిపించకపోతే మధ్యలో ఖాళీ ఇచ్చి 'బర్త్ డే' అని రాయండి, తప్పేం లేదు. 'శుభాకాంక్షలు' రాయాలనుకుంటే 'క్ష' సరిగ్గా పడిందో లేదో చూడండి. 'శుభాకాంషలు' అని చాలాచోట్ల కనిపిస్తుంది.

ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాయడం ఇప్పుడు మామూలైపోయింది. మీరిద్దరూ అలాగే రాసుకుంటే నేను కాదనను. కానీ ఒకటి తెలుసుకోండి. అక్కడ ద, డ రెండింటికీ ఒకే అక్షరం. ల, ళ రెండింటికీ ఒకే అక్షరం. చాలామంది దీర్ఘం కూడా వేరుగా రాయరు. 'పది', 'పడి', 'పాడి' మూడూ ఒకేలా కనిపిస్తాయి. చాట్‌లో సందర్భాన్ని బట్టి అర్థమైపోతుంది. క్యాప్షన్ చదివేవాళ్ళకు సందర్భం తెలియదు. పైగా వాక్యం నడక మీద ఆధారపడ్డ మాట, 'కిటికీ వదలవు, ఫోన్ వదలవు' లాంటిది, తెలుగు అక్షరాల్లోనే చెవికి వినిపిస్తుంది.

పెట్టే ముందు పైకి ఒకసారి చదవండి. ఊపిరి మధ్యలో ఎక్కడ ఆగితే అక్కడ వాక్యం తెగాలి. టైపు కొట్టకుండా ఫోనుకు నోటితో చెప్పి రాయించి ఉంటే ఎక్కడో ఒకచోట విరామ చిహ్నం లేకుండా పోయి ఉంటుంది, అది కూడా అప్పుడు దొరుకుతుంది.

ఇక ప్రశ్నలు అడగొచ్చు.

(సభలో ఒకరు: సార్, మా ఫ్రెండ్ డాలస్‌లో ఉంటాడు. అందరికన్నా ముందు పెట్టాలని రాత్రి పన్నెండింటికి పెడతాం. వాడికి అది సరైన టైమేనా?)

ఇక్కడ అర్ధరాత్రి పన్నెండు అయినప్పుడు అక్కడ ముందురోజు మధ్యాహ్నం. వేసవిలో అయితే ఒకటిన్నర, చలికాలంలో పన్నెండున్నర. మీరు పెట్టేసరికి వాడు ఆఫీసులో మీటింగులో ఉంటాడు, తేదీ కూడా ఇంకా మారలేదు. వాడికి పుట్టినరోజు మొదలయ్యేసరికి ఆ పోస్టు కిందికి జారిపోయి ఉంటుంది. వాడి అర్ధరాత్రికి పెట్టాలంటే మనకు ఉదయం పదిన్నర, చలికాలంలో పదకొండున్నర. అప్పుడు పెట్టండి. ఇంకో మాట, తేదీ నిజంగా అదేనా అని ఒకసారి చూసుకోండి. మన దగ్గర స్కూల్లో చేర్చేటప్పుడు వేసిన తేదీ ఒకటి, అసలు పుట్టిన తేదీ ఒకటి ఉన్నవాళ్ళు చాలామంది. ఫేస్‌బుక్ గుర్తుచేసేది వాళ్ళు అందులో ఇచ్చిన తేదీని. అది సర్టిఫికెట్ తేదీ అయ్యుండొచ్చు. ప్రాణస్నేహితుడికి సర్టిఫికెట్ తేదీన శుభాకాంక్షలు చెబితే బాగుండదు.

(ఇంకొకరు: వయసు రాయొచ్చా? 'ముప్ఫై వచ్చేశాయే' అని?)

వాళ్ళే అందరిముందూ చెప్పుకుంటుంటే రాయండి. లేకపోతే వద్దు. ముప్ఫై, నలభై లాంటి సంఖ్యలు కొందరికి సంబరం, కొందరికి దిగులు. బయటినుంచి చూస్తే ఏదో తెలియదు. సంవత్సరాలు చెప్పాలనిపిస్తే స్నేహానివి చెప్పండి. 'ఇది మన పన్నెండో పుట్టినరోజు' అంటే వయసు బయటపడదు, ఇద్దరూ అందులో ఉంటారు.

(ఒక అమ్మాయి: నా ఫ్రెండ్‌కి తన ఫొటో పెట్టడం అసలు నచ్చదు. చెప్పకుండా పెడితే సర్‌ప్రైజ్ అవుతుందని అనుకుంటున్నాను.)

చెప్పకుండా పెట్టకండి. క్యాప్షన్ సర్‌ప్రైజ్ కావచ్చు, ఫొటో కాకూడదు. నాలుగైదు రోజుల ముందు మామూలుగా మాట్లాడుతూ మూడు ఫొటోలు పంపి 'వీటిలో ఏది బాగుంది' అని అడగండి. తను చూపించినదాన్నే పెట్టండి. మూడూ వద్దంటే ముఖం లేని ఫొటో ఉంటుంది కదా. మన ఉదాహరణలోనే చూడండి, కిటికీ ఊచల మధ్య నుంచి పొట్లం అందిస్తున్న చెయ్యి ఒక్కటీ వచ్చేలా ఫొటో కత్తిరించినా ఆ క్యాప్షన్ ఒక్క మాట మార్చకుండా సరిపోతుంది. చేతికి గాజులో దారమో ఉంటే దగ్గరివాళ్ళు గుర్తుపడతారు. మిగతావాళ్ళకు ఎవరో తెలియాల్సిన పనిలేదు. ట్యాగ్ కూడా చెయ్యకండి. పెట్టాక లింకు తనకు విడిగా పంపండి, తీసెయ్యమంటే వెంటనే తీసెయ్యండి.